రెండో డబ్బా హిసాబ్



చాయ్ పత్తీ, నాష్తా ఒకే డబ్బాలో సర్ది నెలనెలా ఇళ్లకు పంపే కారోబార్ ఎలా నడుస్తుందో రాయమని కొందరు ఆపాలు అడిగారు. వాళ్లంతా ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతున్నవాళ్లే. ఆదిలాబాద్ నుంచి మేం పంపే డబ్బా హిసాబే మీ ముందు పెడతాను. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండొచ్చు, లెక్క వేసే తరీఖా మాత్రం ఇదే.

మా డబ్బాలో నాలుగు చీజులుంటాయి. అస్సాం చాయ్ పత్తీ 200 గ్రాములు. మీఠే ఖజూర్ 200 గ్రాములు. ఖజూర్ అంటే పండు కాదు, మన ఇళ్లలో మైదా, సూజీ, చక్కెర కలిపి నూనెలో వేయించేవి. సకినాలు 200 గ్రాములు. ఇప్పపువ్వు లడ్డూలు 200 గ్రాములు. మొదటి మూడూ ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మా డబ్బాకు ఆదిలాబాద్ పహచాన్ ఇచ్చేది ఇప్ప లడ్డూయే. ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు వీటిని ఎప్పటినుంచో చేస్తున్నారు. 2025 మార్చి 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆదిలాబాద్ అక్కాచెల్లెళ్లు ఇప్పపువ్వుతో చేసే వంటకాల ప్రస్తావన తెచ్చాక బయటి ఊళ్ల వాళ్లూ అడగడం మొదలుపెట్టారు.

మన ఇళ్ల నుంచి ఒక సవాల్ తప్పకుండా వచ్చేది: "ఇప్పపువ్వంటే సారా కాసేది కదా, హలాలేనా?" సారా కావాలంటే పువ్వును నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పెట్టాలి. లడ్డూకు అవేవీ ఉండవు. ఎండబెట్టిన పువ్వును దోరగా వేయించి, బెల్లం, నువ్వులు, పల్లీలతో దంచి ఉండ చేస్తారు. ఈ సంగతి డబ్బాలో వేసే చీటీ మీద రెండు వాక్యాల్లో రాశాం. అప్పటినుంచి ఆ ఫోన్లు తగ్గాయి.

ఇప్పుడు ధర. డబ్బా 499 రూపాయలు. చాయ్ పత్తీ 80, ఖజూర్ 45, సకినాలు 60, లడ్డూలు 75, మొత్తం 260. వండిన వాళ్ల మజ్దూరీ ఇందులోనే ఉంది. అమ్మీ చేసింది, ఖాలా చేసింది అని మజ్దూరీ వదిలేస్తే ఆ లెక్క ఝూటా లెక్క. రేపు గిరాకీ పెరిగి బయటి మనిషిని పెట్టుకున్న రోజు నఫా అంతా అక్కడే పోతుంది. అట్టపెట్టె, పౌచులు, లేబుళ్లు, టేపు కలిపి 38. కొరియర్ సగటున 75. ఆన్‌లైన్ వసూలుకు 12. విరిగినవి, తిరిగొచ్చినవి భరించడానికి డబ్బాకు 10 పక్కన పెడతాం. అన్నీ కలిపితే 395. మిగిలేది 104.

ఆ 104లోంచి జీఎస్టీ తీయాలి. చిన్న కారోబార్‌కు జీఎస్టీ ఎందుకని అనుకుంటారు. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నిజమే. కానీ వేరే రాష్ట్రానికి పన్ను పడే సరుకు అమ్మితే టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పదు. ఆదిలాబాద్ వాళ్లకు ఇది దూరపు మాట కాదు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. మన ఆడపిల్లలు ఎంతమంది నాందేడ్, యవత్మాల్ ససురాళ్లలో లేరు! కరీంనగర్‌కు పంపినంత తేలిగ్గా నాందేడ్‌కు డబ్బా పంపలేం. మేం ముందే రిజిస్ట్రేషన్ తీసుకున్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి నమ్‌కీన్‌లు, మిఠాయిలు, చాయ్ పత్తీ అన్నీ 5 శాతంలోనే ఉన్నాయి కాబట్టి లెక్క సీదా: 499లో పన్ను సుమారు 24. చేతిలో మిగిలేది 80. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, 14 అంకెలు, లేబుల్ మీద ఉండాల్సిందే.

ఈ 80 కూడా మొదటి నెల మనది కాదు. కొత్త ఇంటిని చేర్చుకోవడానికి రుచి చూపించే పొట్లం, దాని పోస్టేజీ, మొదటి నెల రియాయత్ కలిపి 150 దాకా అవుతోంది. అంటే మొదటి డబ్బా వెళ్లినప్పుడు 70 నుక్సాన్. రెండో డబ్బాతో 10 చేతికొచ్చి దాదాపు బరాబర్. మూడో డబ్బా నుంచి నఫా. దుకాణంలో ఈ రోజు బేరం ఈ రోజుతో ఖతం. ఇక్కడ మాత్రం ఒక ఇల్లు ఎన్ని నెలలు మనతో ఉంటుందన్నదే కారోబార్.

అందుకే "మొత్తం ఎంతమంది ఉన్నారు" అన్న ఒక్క అంకె చూస్తే ధోకా. ఈ నెల పదకొండు మంది వెళ్లిపోయి పన్నెండు మంది చేరితే ఒకరు పెరిగినట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ పన్నెండు మంది మీద 1,800 ఖర్చయింది. మేం ఏ నెలలో చేరినవాళ్లను ఆ నెల జమాత్‌గా వేరే పేజీలో రాస్తాం. 2025 నవంబర్ జమాత్ చూడండి. చేరింది 40 ఇళ్లు. డిసెంబర్‌లో రెండో డబ్బా తీసుకున్నవి 29. జనవరిలో 25. ఫిబ్రవరిలో 23. నాలుగు నెలల్లో 117 డబ్బాలు, 80 చొప్పున 9,360. చేర్చుకోవడానికి అయిన 6,000 తీసేస్తే 3,360 మిగిలింది. పేజీలో ఇంకో సంగతి కూడా కనబడుతుంది. వెళ్లిపోయిన పదిహేడు ఇళ్లలో పదకొండు మొదటి డబ్బా తర్వాతే వెళ్లాయి. నాలుగో డబ్బా దాకా వచ్చినవాళ్లు అంత తేలిగ్గా వదలరు. అంటే దవా వేయాల్సింది మొదటి, రెండో డబ్బాల మధ్య.

ఆ పదకొండు మందికీ ఫోన్ చేశాం. నలుగురికి తాము మానేసినట్టే తెలియదు! యూపీఐ ఆటోపేలో పైసలు కట్ కావాల్సిన తారీఖున ఖాతాలో బాకీ లేక వసూలు ఫెయిలైంది. మేం నెలాఖరు తారీఖు పెట్టుకున్నాం, అందరి జేబు ఖాళీ అయ్యే రోజులవి. దాన్ని 5కు మార్చాం, జీతాలు పడ్డాక. కట్ అయ్యే ముందు రోజు బ్యాంకు నుంచి మెసేజ్ ఎలాగూ వెళ్తుంది, మేమూ ఒక ముక్క వాట్సాప్ చేస్తాం. ఇంకో ముగ్గురు "పోయిన నెలదే ఇంకా తినలేదమ్మా" అన్నారు. ఇద్దరే ఉండే ఇంట్లో 800 గ్రాములు నెలలో అయిపోవు. వాళ్ల కోసం రెండు నెలలకోసారి పంపే పద్ధతి పెట్టాం. ఇద్దరు ఊరికే చూద్దామని తీసుకున్నవాళ్లు, వాళ్లను ఆపలేం. చివరి ఇద్దరికీ సకినాలు పొడిపొడిగా చేరాయి.

సకినం విరగడం చిన్న మాట కాదు. వదులుగా పౌచులో వేస్తే చుట్టూ ఖాళీలో అది కొట్టుకుంటుంది. ఇప్పుడు గుండ్రటి ప్లాస్టిక్ బర్నీలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన కాగితం నొక్కి మూత పెడుతున్నాం. ప్రతి కొత్త ప్యాకింగ్‌నూ నడుము ఎత్తు నుంచి మూడుసార్లు కింద వేసి, విప్పి చూస్తాం. నిల్వ పరీక్ష కూడా ఇంతే సాదా. ఒక పౌచు సీల్ చేసి డేటు రాసి అల్మారాలో పెట్టి, పదిహేనో రోజు ఒకటి, ముప్ఫయ్యో రోజు ఒకటి విప్పుతాం. విప్పగానే ముక్కుకు పాత నూనె వాసన కొడితే, లేబుల్ మీద వేసే గడువు దానికి బాగా ముందే ఆగాలి. ఆదిలాబాద్ మే ఎండలో బెల్లం లడ్డూ మెత్తబడి అంటుకుపోతుంది కాబట్టి ఆ రెండు నెలలు లడ్డూ బదులు నాన్ ఖటాయీ పెడతాం.

అట్టపెట్టె కొనేముందు దాని సైజు లెక్క వేయండి. చాలా కొరియర్ల వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి పైసలు. 25, 20, 15 పెట్టె అయితే ఒకటిన్నర కిలో లెక్క. ఎత్తు 9కి తగ్గిస్తే 0.9 కిలో. మా సరుకు, ప్యాకింగ్ కలిపి తూకం 920 గ్రాములు. అంటే ఎత్తు తగ్గించిన పెట్టె కిలో లోపే ఉండిపోయింది. పెట్టెలో ఖాళీ గాలికి నెలనెలా కిరాయి కట్టనక్కర్లేదు.

నెల నిజామ్ ఇలా ఉంటుంది. 5న వసూలు. ఫెయిలైనవాళ్లకు 7 దాకా మొహలత్. ఆ రాత్రి లెక్క బంద్. 8న సరుకు కొంటాం. 9 నుంచి 11 దాకా వంట. సకినాలు, ఖజూర్ పూర్తిగా చల్లారాకే సీల్, వేడిమీద మూస్తే లోపల చెమ్మ పట్టి మెత్తబడతాయి. 12న ప్యాకింగ్, 13న రవానా. వంద డబ్బాలుంటే నూట మూడుకు వండుతాం, ఆ మూడు విరిగినవాటి బదులు. 7 తర్వాత చేరినవాళ్లు వచ్చే నెల జమాత్‌లోకే. ముందే వండి గిరాకీ కోసం ఎదురుచూసే బాధ లేకపోవడమే ఈ కారోబార్‌లో అసలు సహూలత్. ఆ తారీఖును సడలిస్తే అదీ పోతుంది.

రమ్జాన్ సంగతి వేరే చెప్పాలి. 2026లో ఫిబ్రవరి 19న మొదలైంది. పగలంతా రోజా ఉన్న ఇంట్లో సాయంత్రం చాయ్ నాష్తా ఎవరు తింటారు? ఇఫ్తార్‌కు పండ్లు, దహీ బడే ఉంటాయి. అందుకే ఫిబ్రవరి డబ్బాలోనే చీటీ పెట్టి అడిగాం: మార్చికి పంపాలా, ఛుట్టీయా? నవంబర్ జమాత్‌లో మిగిలిన 23లో 9 ఇళ్లు ఛుట్టీ అన్నాయి. ఏప్రిల్‌లో వాటిలో 7 మళ్లీ మొదలుపెట్టాయి. ఛుట్టీ అనే దారి లేకపోతే వాళ్లకు కనిపించేది 'బంద్' ఒక్కటే. రమ్జాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడు ఏ నెలలో గిరాకీ తగ్గిందో చూసి ఈ ఏడు వంట లెక్క వేసుకోకండి.

చివరిగా పేషగీ మాట. డబ్బాలో ఏముంటుందో చెప్పకుండా 'సర్‌ప్రైజ్' అని అమ్మేవాళ్లున్నారు. మా మొహల్లా మౌలానాను మష్వరా అడిగితే, ఏం కొంటున్నామో తెలియని బేరంలో ఘరర్ ఉందన్నారు. పైసలు ముందు తీసుకుని సరుకు తర్వాత ఇచ్చే బై సలమ్‌లో రకం, తూకం, ఇచ్చే తారీఖు ముందే తేలాలని కూడా చెప్పారు. అందుకని నెల మొదట్లోనే జాబితా, గ్రాములు, రవానా తారీఖు పంపిస్తాం. నచ్చనివాళ్లు 5లోపే ఛుట్టీ అంటారు, డబ్బా చేరాక గొడవ ఉండదు. మూడు నెలలకు ఒకేసారి కట్టినవాళ్ల పైసలు వేరే ఖాతాలో ఉంచుతాం. డబ్బా రవానా అయ్యాక ఆ నెల వంతే మా ఖాతాలోకి తెచ్చుకుంటాం. అప్పటిదాకా అది నఫా కాదు, అమానత్.

ఖుదా హాఫిజ్.