చింతపండు కాపు తగ్గితే సప్లై రేఖ ఎటు జరగాలి?

ఈసారి సెలవుల్లో మా ఊరి చుట్టుపక్కల ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు ఎకనామిక్స్ మోడల్ పేపర్లు రాసి నన్ను దిద్దమని ఇచ్చారు. అందులో ఒక ప్రశ్న మనందరికీ తెలిసిన విషయమే. చింతపండు కాపు ఈ ఏడాది తగ్గింది, సమతౌల్య ధర, పరిమాణం ఎలా మారతాయో పటం గీసి వివరించండి.

సంతకి బుట్ట మోసినవాళ్లకి ఈ ప్రశ్నకి జవాబు పుస్తకం చూడకుండానే తెలుసు. కాపు తగ్గితే ధర పెరుగుతుంది. అయినా సగానికి పైగా పేపర్లలో పటం తప్పు. ఒక చెల్లి అయితే ముందు "ధర పెరుగును" అని సరిగ్గా రాసి, పటం గీశాక దాన్ని కొట్టేసి "ధర తగ్గును" అని దిద్దింది. తనకి తెలిసిన నిజం కన్నా తను గీసిన గీతనే ఎక్కువ నమ్మింది. ఆ కొట్టివేత చూశాకే ఈ పోస్టు రాయాలనిపించింది.

ఆ గీత ఎక్కడ తప్పిందో చూద్దాం. "సప్లై తగ్గింది" అని చదవగానే చెయ్యి కొత్త రేఖని పాత రేఖకి కింద గీసేస్తుంది. తగ్గడం అంటే కిందికి కదా అని. డిమాండు విషయంలో ఇలా గీసినా దొరికిపోరు. డిమాండు రేఖ ఎడమ నుంచి కుడికి దిగుతుంది కాబట్టి, దాన్ని కిందికి జరిపినా ఎడమకి జరిపినా ఒకటే అవుతుంది. సప్లై రేఖ ఎక్కుతూ పోతుంది. దాన్ని కిందికి జరిపితే అది కుడికి జరిగినట్టు. అంటే కాపు తగ్గిందని రాసి, కాపు పెరిగిన పటం గీసినట్టు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. లెక్కల క్లాసులో దేని మీద ఇంకోటి ఆధారపడుతుందో దాన్ని అడ్డ అక్షం మీద పెట్టడం నేర్పుతారు. ఆ అలవాటు ప్రకారం ధర అడ్డంగా, పరిమాణం నిలువుగా ఉండాలి. అలా ఉంటే తగ్గినప్పుడు రేఖ కిందికి రావడం సరైనదే. కానీ ఎకనామిక్స్‌లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచి (ఆయన పుస్తకం 1890లో వచ్చింది) ధరని నిలువు అక్షం మీదే పెడుతున్నారు. పరిమాణం అడ్డంగా ఉంది కాబట్టి తక్కువ అంటే ఎడమ, ఎక్కువ అంటే కుడి. పైకీ కిందికీ ఉండేది ధర మాత్రమే. అందుకే పేపరు చేతికి రాగానే నేను ముందు చూసేది అక్షాల పేర్లు. అవి లేకపోతే రేఖ ఎటు జరిగిందో చెప్పడానికే లేదు.

ఇప్పుడు అంకెలతో చూద్దాం. ఇవి లెక్క సులువుగా ఉండాలని నేను వేసుకున్నవి, ఏ సంతవీ కావు. కిలో 40 రూపాయలు ఉన్నప్పుడు కొనేవాళ్లు 70 బస్తాలు అడుగుతారు, అమ్మేవాళ్లు 70 బస్తాలు తెస్తారు. ఇది పాత సమతౌల్యం, దీన్ని ఈ అందాం. ధర పది రూపాయలు పెరిగిన ప్రతిసారీ అడిగేది 10 బస్తాలు తగ్గుతుంది, తెచ్చేది 10 బస్తాలు పెరుగుతుంది. అంటే 50 రూపాయల దగ్గర అడిగేది 60, తెచ్చేది 80. 30 రూపాయల దగ్గర అడిగేది 80, తెచ్చేది 60. ఇప్పుడు కాపు తగ్గి, ఏ ధర దగ్గరైనా మునుపటికన్నా 20 బస్తాలు తక్కువే వస్తున్నాయి అనుకుందాం.

పటం దిద్దేటప్పుడు నేను స్కేలు తీసుకుని పాత ధర 40 దగ్గర అడ్డంగా పెడతాను. స్కేలు పాత సప్లై రేఖని 70 దగ్గర తాకుతుంది. కొత్త రేఖని, అంటే ఎస్1 అని రాసిన దాన్ని, 50 దగ్గర తాకాలి. ఎడమ పక్కన తాకితే దిశ సరైనది. కుడి పక్కన 90 దగ్గర తాకితే ఆ పటం కాపు పెరిగిన ఏడాదిది. దాని ప్రకారం ధర 30కి పడిపోతుంది, 80 బస్తాలు అమ్ముడవుతాయి. కాపు పోయిన ఏడాది చింతపండు చవకైందా అని అడిగితే ఎవరికైనా నవ్వొస్తుంది, కానీ పేపరు మీద చాలామంది గీసింది అదే.

ఇదే స్కేలు పేర్ల తప్పుని కూడా పట్టిస్తుంది. కొందరు రెండు రేఖల్నీ సరైన చోటే గీసి, ఎడమ దానికి ఎస్ అని, కుడి దానికి ఎస్1 అని తారుమారుగా రాస్తారు. గీత బాగుంది కదా అని మార్కు వెయ్యలేం, ఎందుకంటే ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పేది ఆ పేర్లు, బాణం గుర్తే. బాణం ఎప్పుడూ ఎస్ నుంచి ఎస్1 వైపు చూడాలి.

దిశ సరిగ్గా వచ్చినవాళ్లలోనూ కొందరు చివర్లో పడిపోయారు. కొత్త పరిమాణం 50 అని రాశారు. 20 బస్తాలు తగ్గాయి కాబట్టి 70 లోంచి 20 తీసేశారు. ఆ 50 కొత్త రేఖ మీద ఉన్న బిందువే, కానీ అది పాత ధర దగ్గరి బిందువు. 40 రూపాయల దగ్గర 70 బస్తాలు అడుగుతున్నారు, వచ్చింది 50. ఇరవై బస్తాల కొరత. కొరత ఉన్న సంతలో ధర ఆగదు, షావుకార్లు పోటీపడి పెంచుతారు. ధర 50కి వచ్చేసరికి అడిగేది 60కి తగ్గుతుంది, తెచ్చేది కూడా 60కి పెరుగుతుంది (పాత 80 లోంచి 20 పోతే 60). డిమాండు రేఖ ఎస్1ని కోసే చోటు అదే, దానికి ఈ1 అని పేరు పెట్టాలి. అక్కడి నుంచి ఎడమకి చుక్కల గీత గీస్తే ధర 50, కిందికి గీస్తే పరిమాణం 60. రేఖ 20 జరిగినా అమ్మకం తగ్గింది 10 మాత్రమే. మిగతా పదీ ధర పెరగడం వల్ల తిరిగొచ్చాయి. దిద్దేటప్పుడు కొత్త పరిమాణం పాత ధర గీత మీద చదివారా, ఈ1 కింద చదివారా అన్నది తప్పకుండా చూడండి.

ఇంకో తప్పు రెండు మూడు పేపర్లలో కనిపించింది. ధర పెరిగింది కాబట్టి జనం తక్కువ కొంటారని డిమాండు రేఖని కూడా ఎడమకి జరిపేశారు. జనం తక్కువ కొనడం నిజమే, కానీ అది అదే డిమాండు రేఖ మీద ఈ నుంచి ఈ1కి ఎక్కడం, అంతే. మన పుస్తకాల్లో దాన్ని డిమాండు సంకోచం అంటారు. డిమాండు తగ్గుదల అంటే రేఖే జరగడం, అది వేరు. దానికి ధర కాకుండా ఇంకో కారణం కావాలి. కొనేవాళ్ల ఆదాయం పడిపోవడమో, చింతపండు బదులు వేరేది వాడడమో. ప్రశ్నలో అలాంటి కారణం ఏదీ లేనప్పుడు పటంలో రెండో డిమాండు రేఖ కనిపిస్తే తప్పే. రెండు రేఖలూ ఎడమకి జరిగితే పరిమాణం తగ్గుతుందని చెప్పగలం గానీ, ధర పెరిగిందో తగ్గిందో ఎవరు ఎంత జరిగారన్న దాని మీద ఉంటుంది.

ఒకటి మీరే గీసి చూడండి. 2021 జూలైలో బ్రెజిల్‌లో మంచు పడి అరబికా కాఫీ తోటలు దెబ్బతిన్నాయి. మన అరకు, పాడేరు వైపు పండేదీ అరబికానే. బ్రెజిల్ కాఫీకి ఒక పటం, మన కాఫీకి ఇంకో పటం గీయండి. రెండింట్లోనూ ధర పెరగాలి, కానీ రెండు పటాల్లో జరిగే రేఖ ఒకటి కాదు. ఈ1 కింద పరిమాణం ఒక పటంలో తగ్గి, ఇంకో దాంట్లో కొంచెమైనా పెరిగిందా లేదా చూసుకోండి. రెండింట్లోనూ తగ్గితే మన కాఫీ పటంలో జరపాల్సిన రేఖ కాకుండా వేరేది జరిపారన్నమాట.