తాడిపత్రి నీడ, మదురై నీడ

ఎండ గురించి తాడిపత్రి వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు లెండి. అయినా ఒక్క మాట చెబుతాను, వినండి. ఏప్రిల్ 30న, లేదంటే ఒక రోజు అటూ ఇటూగా, మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో మన ఊళ్ళో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టు 12 ప్రాంతంలో మళ్ళీ అలాగే అవుతుంది గానీ, అప్పుడు మబ్బు అడ్డం రావచ్చు. నడినెత్తిన సూర్యుడు అని ఏడాది పొడుగునా అంటుంటాం గానీ, ఆ మాట కొలతకు నిలిచేది ఆ రెండు పూటలే.

ఇలాంటి ఒక్క పూటను పట్టుకునే ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు భూమి చుట్టుకొలత తేల్చాడు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్ద ఆయనే. దక్షిణాన సయీన్ అనే ఊళ్ళో (ఇప్పుడు దాన్ని అస్వాన్ అంటారు) వేసవిలో పొద్దు బాగా పొడుగైన రోజు మధ్యాహ్నం నీడ పడదని ఆయనకు తెలుసు. అదే పూట అలెగ్జాండ్రియాలో పడిన నీడ కోణం కొలిస్తే పూర్తి వృత్తంలో యాభయ్యో వంతు వచ్చింది. రెండు ఊళ్ళ మధ్య దూరం 5,000 స్టేడియాలు. దాన్ని యాభైతో హెచ్చవేస్తే 2,50,000 స్టేడియాలు. లెక్క అంతే.

ఇదే లెక్క మనం చేయాలంటే అస్వాన్ దాకా పోనక్కర్లేదు. తాడిపత్రే మన సయీన్. మరి అలెగ్జాండ్రియా ఏది? దక్షిణంగా గీత గీసుకుంటూ పొండి, దాదాపు నేరుగా మదురై తగులుతుంది. తాడిపత్రి, మదురై రెండూ 78 డిగ్రీల రేఖాంశం పక్కనే ఉన్నాయి. తెలుగు నాయకరాజులు ఏలిన ఊరు కాబట్టి అక్కడ మనవాళ్ళు ఎవరో ఒకరు దొరక్కపోరు. ఆ రోజు వాళ్ళను మేడ మీద మీటరు కర్ర నిలబెట్టమని చెప్పండి. మనకు నీడ మాయమైన పూట వాళ్ళ కర్రకు దక్షిణం వైపు దాదాపు 8.75 సెంటీమీటర్ల నీడ పడుతుంది. కాగితం మీద 100 నిలువు, 8.75 అడ్డం గీసి, పై కొసను కోణమానినితో కొలవండి. ఐదు డిగ్రీలు.

ఆ ఐదు డిగ్రీలకూ భూమికీ సంబంధం ఏమిటంటారా? సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి రెండు ఊళ్ళకూ వచ్చే కిరణాలు సమాంతరాలే అనుకోవచ్చు. రెండు కర్రలనూ కిందికి పొడిగించుకుంటూ పోతే భూమి నడిమధ్యలో కలుస్తాయి. సమాంతర రేఖలను ఒక గీత ఖండిస్తే ఏకాంతర కోణాలు సమానమని బళ్ళో చదివిందే. కనుక మదురై నీడ కోణమూ, భూకేంద్రం దగ్గర రెండు కర్రల మధ్య కోణమూ ఒకటే. ఐదు డిగ్రీలంటే 360లో 72వ వంతు. రెండు ఊళ్ళ మధ్య తిన్నని దూరం సుమారు 552 కిలోమీటర్లు. 72తో హెచ్చవేస్తే 39,744. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు.

నీడ లేని రోజు కోసమే కాచుకోవాలని కూడా లేదు. మన జ్యోతిష గ్రంథాల పద్ధతి ఇంకా సులువు. పన్నెండు అంగుళాల శంకువు నిలబెట్టి, పగలూ రాత్రీ సమానమైన రోజు మధ్యాహ్నం నీడ కొలుస్తారు. దాని పేరే పలభ. తాడిపత్రికి పలభ సుమారు 3.2 అంగుళాలు, మదురైకి 2.1. దాన్నుంచి ఏ ఊరి అక్షాంశం ఆ ఊరికి తేలుతుంది, తీసివేస్తే మళ్ళీ అదే ఐదు డిగ్రీలు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు దీన్ని త్రైరాశికంగా చెప్పాడు: ఉత్తర దక్షిణాలుగా ఉన్న రెండు ఊళ్ళ అక్షాంశాల తేడాకు ఇంత దూరమైతే, 360 డిగ్రీలకు ఎంత? ఆయన ఇచ్చిన చుట్టుకొలత 4,967 యోజనాలు.

ఇక్కడే వస్తుంది చిక్కు. యోజనం అంటే ఎన్ని కిలోమీటర్లు? ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు, సూర్యసిద్ధాంతం 1,600 అంది. ఇద్దరి యోజనమూ ఒకటి కాకపోతే వాళ్ళ లెక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఎరటోస్తనీస్ స్టేడియం కూడా అంతే. 157 మీటర్లనుకుంటే ఆయన జవాబు 39 వేల కిలోమీటర్ల పైన, 185 అనుకుంటే 46 వేల పైన. కోణం ఒక పూట ఎండలో నిలబడితే దొరికిపోతుంది, దూరానికే కాళ్ళరగాలి. మన గుత్తి దగ్గర 1811లో విలియం లాంబ్టన్ ఆధార రేఖను కొలిపించింది ఈ దూరం కోసమే. కన్యాకుమారి వైపు నుంచి ఇదే 78 డిగ్రీల రేఖ వెంట ఆయన త్రిభుజాలు అల్లుకుంటూ వచ్చాడు. కోణానికి మాత్రం నీడను నమ్ముకోక నక్షత్రాలను చూశాడు.

నీడను ఎందుకు నమ్ముకోలేదంటే, దాని అంచు చెదిరిపోయి ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. అందుకే మీటరు కర్ర నీడ కొస దాదాపు సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. ఆ మసకలో ఎక్కడ గీత పెట్టాలో తెలియక ఐదు మిల్లీమీటర్లు తప్పితే భూమి చుట్టుకొలతలో రెండు వేల కిలోమీటర్ల పైన తేడా వస్తుంది. దీనికి విరుగుడు ఉంది. కర్ర కొసన చిన్న బెజ్జం పెట్టిన రేకు బిగించండి. నీడలో గుండ్రటి వెలుగు బిళ్ళ పడుతుంది, దాని నడుమకు కొలిస్తే సరి. కర్ర నిలువును తూకం గుండుతో, కింది బండ మట్టాన్ని రసమట్టంతో చూసుకోవాలి. బండలకు మన ఊళ్ళో కొదవా!

ఇంకొక మెలిక చెప్పి ముగిస్తాను. భూమి బల్లపరుపు అనుకుని ఇవే రెండు నీడలు లెక్కిస్తే ఏమవుతుంది? చుట్టుకొలతకు బదులు సూర్యుడి ఎత్తు వస్తుంది. ప్రాచీన చైనా గ్రంథం జౌబి స్వాన్‌జింగ్ సరిగ్గా ఈ పనే చేసి, సూర్యుడు చైనా కొలతలో 80,000 లీల ఎత్తున ఉన్నాడంది. మన 552 కిలోమీటర్లను 0.0875తో భాగిస్తే సుమారు 6,300 కిలోమీటర్లు. అది భూమి వ్యాసార్ధానికి దగ్గర సంఖ్య! ఒక్క లెక్క, రెండు అర్థాలు. ఏది నిజమో తేల్చడానికి మూడో కర్ర కావాలి. అది లేహ్‌లో పెట్టినా గుండ్రటి భూమికి 34.9, బల్లపరుపు భూమికి 33.7 సెంటీమీటర్ల నీడ రావాలి. తేడా సెంటీమీటరు చిల్లర, అంటే ఇంచుమించు మసకంత. కనుక భూమి గుండ్రమని నీడ కర్ర చెప్పలేదు. చంద్రగ్రహణంలో గుండ్రటి నీడ చూసి, దక్షిణానికి పోయేకొద్దీ ధ్రువనక్షత్రం దిగిపోవడం చూసి, ఆ మాట ముందే ఒప్పుకున్నవాళ్ళకే కర్ర దాని సైజు చెప్పింది.

ఈసారి ఏప్రిల్ నెలాఖరుకు మదురైలో ఒకరిని చూసి పెట్టుకోండి. జవాబు 38 వేలకూ 42 వేలకూ మధ్య వస్తే మీ కొలత బాగున్నట్టే. అంతకు మించి తప్పితే భూమిని అనుమానించకండి, ముందు తూకం గుండు చూసుకోండి.