గేదె ఈసుకుపోతే ఇంట్లో మనిషికి జ్వరం ఎందుకొస్తుంది

కాస్త పెద్ద పోస్టే, పాడి ఉన్నవాళ్లు తీరిగ్గా చదవండి.

గేదె ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతే దిష్టి తగిలిందంటాం, పక్క గేదె పొడిచిందంటాం. పొడిచినా పోవచ్చు, కాదనను. కానీ చూడి చివరి నెలల్లో పోయిందంటే ముందు అనుమానించాల్సింది బ్రూసెల్లా అనే క్రిమిని. ఇది గేదెతో ఆగదు, మనిషికీ వస్తుంది.

మా బాబాయి కొడుకు సంగతి చెప్తా. పోయిన ఏడాది వాళ్ల గేదె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది. మాయ పడలేదు. తమ్ముడు వట్టి చేతుల్తోనే లాగాడు, మనూళ్లో అందరూ చేసేదే. మూడు వారాలకి జ్వరం మొదలైంది. పొద్దున బాగానే ఉంటాడు, సాయంత్రానికి కాక, రాత్రికి చొక్కా పిండేంత చెమట. నడుం నొప్పి, కీళ్ల నొప్పులు, అన్నం సయించదు. టైఫాయిడ్ అని వారం మందులిచ్చారు, తగ్గింది. ఇరవై రోజులకి మళ్లీ వచ్చింది. అలా నాలుగు నెలలు తిరిగాడు. చివరికి టౌన్లో ఒక డాక్టరుగారు "ఇంట్లో పశువులున్నాయా, ఏదైనా ఈసుకుపోయిందా" అని అడిగారు. రక్తపరీక్షలో బ్రూసెల్లా తేలింది.

ఆ ఒక్క ప్రశ్న ముందే ఎవరైనా అడిగుంటే నాలుగు నెలలు మిగిలేవి. అడగకపోతే మనమే చెప్పాలి. ఈ క్రిమి మన ఒంట్లో కణాల లోపల దాక్కుంటుంది. వారం మందుకి తల వంచుతుంది, చావదు. అందుకే రెండు రకాల మందులు కలిపి ఆరు వారాలు ఇస్తారు. పది రోజులకే ఒళ్లు తేలికపడుతుంది, అక్కడే మనవాళ్లు మానేస్తారు, మళ్లీ తిరగబెడుతుంది. అశ్రద్ధ చేస్తే వెన్నెముకకు పడుతుంది, మగవాళ్లకి వృషణాలు వాస్తాయి, గర్భిణులకి గర్భం పోవచ్చు.

క్రిమి ఎక్కువగా ఉండేది మాయలో, ఉమ్మనీటిలో, చచ్చిన దూడలో. చేతి మీద చిన్న గీత చాలు, కంట్లో చుక్క పడ్డా చాలు. మోచేతి దాకా ఉండే గ్లవుజు వేసుకోండి, లేకపోతే పాలిథిన్ కవరు తొడిగి తాడు కట్టుకోండి. మాయను పెంటకుప్ప మీద వేస్తే కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. కొన్ని చోట్ల గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కడతారు, పాలు బాగా కారతాయని. ఆచారం మీద నాకు గొడవ లేదు గానీ, ఈసుకుపోయిన గేదె మాయని మాత్రం లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

రెండో దారి పాలు. ఇక్కడే మనం మోసపోయేది. చాలా గేదెలు ఒకసారే ఈసుకుపోతాయి, తర్వాతి ఈత మామూలుగానే ఈనుతాయి. రోగం పోయిందనుకుంటాం. పోదు, పాలల్లో క్రిమి వస్తూనే ఉండొచ్చు. పొదుగు దగ్గర పిల్లలకి వెచ్చగా పట్టే గుమ్మపాలు బలమని మా నాయనమ్మ కూడా అనేది. ఒక్క పొంగు వచ్చేదాకా కాస్తే క్రిమి చస్తుంది, అంతకన్నా ఏమీ అక్కర్లేదు. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఈ జ్వరంతోనే పడిపోయేవాళ్లు. 1905లో అది మేకల నుంచి వస్తోందని తేలింది. మరుసటి ఏడు సైనికులకి మేకపాలు ఆపేశారు, జ్వరం పడిపోయింది.

వరి నాట్లప్పుడు వచ్చే ఎలుక జ్వరం దీనికి చుట్టమే గానీ దారి వేరు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన బురదలోంచి కాళ్ల పగుళ్ల గుండా ఎక్కుతుంది. జ్వరం ఒక్కసారిగా వస్తుంది, పిక్కలు పట్టుకుంటే నొప్పి, కళ్లు ఎర్రబడతాయి. ఇందులో రోజులు ఆగకూడదు, కామెర్లు, కిడ్నీల దాకా పోతుంది.

గేదె మాటకొస్తే, దీనికి వైద్యం లేదన్నారు పశువుల డాక్టరుగారు. తమ్ముడు సంతకి తోలేద్దామన్నాడు. అప్పుడు రోగం ఇంకొకరి కొట్టంలోకి పోతుంది, వాళ్లకి తెలియను కూడా తెలియదు. లక్ష రూపాయల పశువు, వాడి బాధా నిజమే. వారం గొడవపడ్డాం. ఇప్పుడు దాన్ని విడిగా కట్టాడు, పాలు కాచే వాడుతున్నారు, ఈనేటప్పుడు కబురు చేస్తే డాక్టరుగారు వస్తానన్నారు.

పెయ్యదూడలకి మాత్రం దారుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒకే ఒక్క టీకా, కేంద్ర పథకం కింద 2019 నుంచి ఉచితంగా వేస్తున్నారు. చూడి పశువుకి, మగదూడకి వేయరు. అది బతికున్న క్రిమితో చేసిన మందు, సూది గుచ్చుకుంటే మనిషికీ జ్వరం రావచ్చు. అందుకని దూడని గట్టిగా పట్టుకోండి, సూది పని వాళ్లకే వదిలేయండి. మీ పెయ్య ఎనిమిది నెలలు దాటకముందే ఆస్పత్రిలో పేరు రాయించండి.