బకెట్టు ఎడమచేతిలో, నొప్పి కుడి డొక్కలో

ముత్తుకూరు వెళ్లినవాళ్లు మత్స్య కళాశాలో, పక్కనున్న కృష్ణపట్నం రేవో చూసొస్తారు. ఫిజియోథెరపిస్టును కాబట్టి నేను రొయ్యల గుంట గట్టు మీద మేత చల్లే మనిషి నడుము చూడటానికి వెళ్లాను.

ఆయన ఎడమచేత్తో మేత బకెట్టు పట్టుకుని కుడిచేత్తో చల్లుతూ నడుస్తున్నాడు. "బకెట్టు ఇటు, నొప్పి అటు. ఇదేం విడ్డూరం సార్?" అని కుడి డొక్క చూపించాడు.

విడ్డూరం కాదు. ఎడమచేతిలో బరువు వేలాడితే మొండెం ఎడమకు ఒరగాలి. ఒరగకుండా ఆపేది కుడివైపు కండరాలే. కడుపు పక్కన ఏటవాలుగా అల్లుకున్న ఆబ్లిక్ కండరాలు పక్కటెముకల్ని తుంటి వైపు లాగి పట్టుకుంటాయి. వాటి వెనక, లోతుగా, క్వాడ్రేటస్ లంబోరమ్ ఉంటుంది. తుంటి ఎముక పైఅంచు నుంచి చివరి పక్కటెముక దాకా సాగుతూ, దారిలో నడుము పూసలకూ అతుక్కుంటుంది. లాగే బలం ఎక్కువగా ఆబ్లిక్స్‌ది. పూసలు పక్కకు వంగిపోకుండా బిగించడంలో క్వాడ్రేటస్ పాత్ర పెద్దది.

బకెట్టు పది కిలోలనుకుందాం. వెన్నుకూ చేతికీ దూరం సుమారు 30 సెంటీమీటర్లు. కుడివైపు కండరాలు వెన్నుకు సుమారు 10 సెంటీమీటర్ల దూరం నుంచే లాగాలి. మూడోవంతు దూరం కాబట్టి మూడింతల బలం కావాలి, అంటే 30 కిలోలు. బకెట్టుతో కలిపి నడుము పూసల మీద అదనంగా పడేది 40. ఇది కదలకుండా నిటారుగా నిలబడినప్పటి స్థూల లెక్క. ఆయన నడుస్తూ, మేత విసరడానికి మొండెం తిప్పుతున్నాడు. ఆ తిప్పడమూ ఆబ్లిక్స్ పనే.

కావడికి ఈ బాధ లేదు, రెండు వైపులా బరువు సమానం. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ బృందం 2013లో ఇదే చూపింది: ఒక చేతిలో 30 కిలోలు మోస్తే నడుము మీద పడే ఒత్తిడి, రెండు చేతుల్లో ముప్పయ్యేసి మోసినప్పటికంటే ఎక్కువ.

ఆయన కుడి బొటనవేలిని కుడి డొక్కలో, చివరి పక్కటెముకకూ తుంటికీ మధ్య పెట్టించి బకెట్టు ఎత్తమన్నాను. "రాయిలా బిగిసింది సార్!" అన్నాడు. వేలికి తగిలింది ఆబ్లిక్సే, లోపలిది అంత సులభంగా అందదు. గట్టు చివరికొచ్చేసరికి ఎడమ భుజం కిందికి జారింది. అలసిన కండరాలు పట్టు వదిలాయన్నమాట. అప్పుడు బరువు వెన్ను పక్కనున్న గట్టి బంధనాల మీద పడుతుంది. నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరెక్కినా అది వేరే సంగతి, డాక్టరు చూడాలి.

చెయ్యి మార్చమన్నాను. ఎడమచేత్తో విసిరితే మేత గట్టు పక్కనే కుప్పగా పడింది. "రొయ్యలు ఒప్పుకోవు సార్" అని నవ్వాడు. నిజమే. మేత బస్తాలు గట్టు మీద రెండు చోట్ల పెట్టుకుని, బకెట్టు సగమే నింపుకోమన్నాను. ఐదు కిలోలైతే పూసల మీద అదనం 20కి దిగుతుంది. రెండో బస్తా ఎక్కడ పెడితే కాకులు రావో ఆయన అప్పుడే వెతుక్కుంటున్నాడు.