స్లిప్పులో పేరు మారితే పీఎఫ్‌లో మారినట్టు కాదు

మా ఇంటిపేరు కుంజ. ఆధార్‌లో Kunja అని ఉంది. 2016లో అన్న ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఎవరో చెవికి వినబడినట్టు Gunja అని ఎక్కించారు. జీతం స్లిప్పులోనూ అదే, పీఎఫ్‌లోనూ అదే. మొన్న అమ్మ ఆపరేషన్‌కి పీఎఫ్ తీద్దామంటే, పేరు సరిపోక ఆధార్ లింక్ అవ్వలేదు. అది లింక్ అవ్వకపోతే ఆన్‌లైన్‌లో డబ్బు రాదు.

అన్న నోటితో చెబితే హెచ్ఆర్ వాళ్లు స్లిప్పులో మార్చి, అయిపోయిందన్నారు. పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఇంకా Gunja నే! స్లిప్పు కంపెనీ కంప్యూటర్‌లోది, పీఎఫ్ పేరు ఈపీఎఫ్ఓ దగ్గరది. ఒకటి మారిస్తే రెండోది దానంతటది మారదు. అన్న యూఏఎన్ 2017 అక్టోబర్‌కి ముందుది కాబట్టి కంపెనీ ఆమోదంతో జాయింట్ డిక్లరేషన్ వెళ్లాలి.

అందుకే హాస్టల్‌లో కూర్చుని అన్న తరఫున ఉత్తరం రాశాను. అందులో ముఖ్యమైన ముక్క ఇది:

"నా పేరు Gunja అని పడింది, ఆధార్ ప్రకారం Kunja. దయచేసి మీ జీతాల రికార్డులో సరిచేయండి. విడిగా, పీఎఫ్ జాయింట్ డిక్లరేషన్ ఆమోదించి ఈపీఎఫ్ఓకి పంపండి. పంపిన తేదీ రాతపూర్వకంగా తెలపండి."

కింద ఉద్యోగి నంబరు, యూఏఎన్ రాసి, ఆధార్, పాన్, పాత స్లిప్పు నకళ్లు జతచేశాం. ఇంకో నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకున్నాం.

పోయిన వారం కంపెనీ పంపింది. ఇప్పుడు పీఎఫ్ ఆఫీసులో ఉంది. మీ ఇంట్లో ఎవరైనా పనిచేస్తుంటే, అవసరం రాకముందే పాస్‌బుక్‌లో పేరు చూడండి. తప్పు ఆధార్‌లోనే ఉంటే ముందు అది మార్పించండి, కంపెనీ దాన్నే చూస్తుంది.