గోడ మూడడుగులు జరిగిన రోజు

నేను చిన్న కాంట్రాక్టర్ని. ఏడాదికి రెండు మూడు ఇళ్లు కడతాను. మాట ఇవ్వడం తప్ప కాగితం రాయడం తెలియని మేస్త్రీ కొడుకుని. అందుకే మొదటి ఇల్లు కట్టినప్పుడు నేనూ కాగితం రాయలేదు.

ఆ ఇంటికి మొత్తం ధర ముందే మాట్లాడుకున్నాం. మధ్యలో రెండు అటకలు, మేడమీద సింకు, ప్రహరీకి ఇంకో రెండు వరసల ఇటుక వచ్చి చేరాయి. అడిగిన ప్రతిసారీ ఇంటాయన ఒకటే మాట: "చేసెయ్యి బాబూ, చివర్లో చూసుకుందాం." చివర్లో 1,86,000 రూపాయల బిల్లు ఇస్తే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. అవన్నీ ఒప్పందంలోవే అనుకున్నాడట. అరవై వేలు చేతిలో పెట్టాడు. ఆయన మోసగాడు కాదు. పది నెలల్లో ఇద్దరి జ్ఞాపకాలూ ఎవరి దారిన అవి నడిచాయి, అంతే. మిగతా డబ్బు కట్టడానికి మా ఆవిడ గొలుసు బ్యాంకుకి వెళ్లింది.

అప్పట్నుంచీ ఒప్పందం దాటిన ఏ పనికైనా ముందు ఒక చీటీ రాస్తున్నాను. ఇంగ్లీషులో ఛేంజ్ ఆర్డర్ అంటారు. మా సైట్‌లో అందరూ 'అదనపు చీటీ' అంటారు.

రెండేళ్ల క్రితం రిటైరైన మాస్టారొకాయన ఇల్లు కడుతున్నాను. గోడలు లేచాయి, పూత ఇంకా మొదలవలేదు. సిద్ధాంతిగారు వచ్చి పొయ్యి ఆగ్నేయంలో లేదన్నారు. అది సరిపడాలంటే వంటింటికీ స్టోరు గదికీ మధ్య గోడ మూడడుగులు జరగాలి. ఆ రాత్రే అమెరికా నుంచి మాస్టారి అబ్బాయి ఫోన్: "మార్చేయండి అంకుల్, డబ్బు సంగతి నాకొదిలేయండి." సరేనంటే తెల్లారేసరికి గోడ పడిపోయేది. కానీ ఒప్పందం మీద సంతకం అబ్బాయిది కాదు, నాన్నగారిది. సంతకం పెట్టినాయన ఒప్పుకోవాలి.

పొద్దున్నే చీటీ రాశాను. నంబరు, తేదీ, ఎవరు అడిగారు, ఎందుకు. పాత గోడ పగలగొట్టి రద్దు ట్రాక్టర్‌లో తోలడానికి 3,300. వంద చదరపు అడుగుల నాలుగున్నర అంగుళాల కొత్త గోడకి 11,000. నీళ్ల పైపులు జరపడానికి 6,500, కరెంటు పైపులకి 2,400. కొత్త గోడకి రెండువైపులా పూత 9,000. పగలకుండా వచ్చే ఇటుకలు మళ్లీ వాడతాం కాబట్టి 1,800 తగ్గింపు. మిగిలినదాని మీద నా పర్యవేక్షణకి పది శాతం. మొత్తం 33,440. పని ఐదు రోజులు వెనక్కి పోతుందని కూడా రాశాను. ఆ ముక్క రాయకపోతే తర్వాత ఆలస్యం నా నెత్తినే పడుతుంది.

ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. చూడటం వేరు, ఒప్పుకోవడం వేరు. మేస్త్రీ సణుగుతున్నా మనుషుల్ని వెనక గది పనికి మళ్లించాను.

మధ్యాహ్నం మాస్టారే వచ్చారు. మొహం చిన్నబుచ్చుకుని, "నా మీద నమ్మకం లేదా నాయనా?" అన్నారు.

"నమ్మకం ఉంది కాబట్టే ఇప్పుడు రాస్తున్నా సార్. పోయాక రాసి ఏం లాభం?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు చీటీ మొత్తం చదివారు. పెన్ను ఒకచోట ఆగింది. "పాత గోడకి పూత వేశావా?"

"ఇంకా లేదు సార్."

"మరి ఆ పూత డబ్బు మొదటి ఒప్పందంలో ఉందిగా? గోడ జరిగింది కానీ, రెండు గోడలకి పూత వెయ్యట్లేదు కదా."

నాకు చెమట పట్టింది. నిజమే. కట్టిన గోడ మళ్లీ కట్టడం అదనం. వెయ్యని పూత ఒక్కసారే వేస్తాం, దాని ధర మొదట్లోనే తీసుకున్నాను. కావాలని చెయ్యలేదు, కానీ చేతులారా రాశాను. ఆ వరస కొట్టేసి మొత్తం 23,540కి దించాను. ఆయన కింద సంతకం పెట్టి, తేదీతోపాటు టైమూ వేశారు. ఆ తర్వాతే సుత్తి గోడకి తగిలింది.

నెలాఖరు బిల్లులో అసలు పని వాయిదా ఒక వరస, 'అదనపు చీటీ నం. 3' అని దాని కింద ఇంకో వరస, చీటీ నకలు జతగా. మూడో రోజుకి డబ్బు వచ్చింది. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ప్రశ్నలన్నీ ఆ మధ్యాహ్నమే అయిపోయాయి.

ఆ తర్వాత నేనే కొలత తప్పి ఒక కిటికీ మళ్లీ పెట్టాల్సొచ్చింది. మేస్త్రీ నవ్వుతూ, "దీనికి చీటీ రాయవా?" అన్నాడు. నా తప్పుకి చీటీ ఉండదు, ఖర్చే ఉంటుంది.

చీటీ నన్ను కాపాడుతుందనుకుని రాయడం మొదలుపెట్టాను. పూత వరస కొట్టేసిన రోజున అది అవతలాయన్ని నా నుంచి కాపాడింది. ఆ కొట్టేసిన చీటీనే దాచుకున్నాను, శుభ్రంగా తిరగరాసింది కాదు.