అరటిపండు మానేసి సీసాలో తాగాను

షోలాపూర్‌లో ముప్పై ఏళ్లు చాదర్ల మిల్లుల పనిచేసి దిగిన మనిషిని. షుగరు, బీపీ రెండూ ఉన్నయి. నిరుడు రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.6 వచ్చింది. కిడ్నీలు తగ్గినయి, అరటిపండు, కొబ్బరినీళ్లు, నారింజరసం మానాలని డాక్టరు చెప్పిండు. అన్నీ మానేసిన.

అప్పుడే మిల్లులో నాతో పనిచేసిన బావ ఒకాయన నోని రసం సీసా తెచ్చిచ్చిండు. షుగరు తగ్గుతది, కిడ్నీ కడుగుతది అన్నడు. నోని కొత్తదేం కాదు, మన తొగరు జాతి చెట్టు కాయే. దాని వేరుతో వెనుకట నూలుకు ఎర్రరంగు వేసేవారు. మందే గదా అని పొద్దున సగం గ్లాసు, రాత్రి సగం గ్లాసు తాగిన. డాక్టరుకు చెప్పలేదు.

మూడు వారాలకు కాళ్లల్ల సత్తువ పోయింది. మెట్లు ఎక్కలేకపోయిన. షుగరు పడిపోయిందనుకున్న, కాని చూస్తే షుగరు బాగానే ఉన్నది. కోడలు దవాఖానకు తీసుకపోయింది. రక్తంలో పొటాషియం 6.3 ఉన్నది. 3.5 నుంచి 5 దాకా ఉండాలె. వెంటనే ఈసీజీ తీసి, ఇంజక్షన్లు ఇచ్చి, రెండు రోజులు ఉంచుకున్నరు.

డాక్టరు విడమరిచి చెప్పిండు: "కాకా, మంచి కిడ్నీ ఎక్కువైన పొటాషియాన్ని మూత్రంలో పంపిస్తది. మీ కిడ్నీ పంపలేదు. దానికి తోడు మీ బీపీ గోళీ టెల్మిసార్టన్ కూడా పొటాషియాన్ని ఆపుతది. అది పెరిగితే గుండె దెబ్బ తప్పుతది, ఒక్కోసారి ఆగిపోతది. ముందుగా ఏ గుర్తూ కనిపించకపోవచ్చు."

నోని రసంలో పొటాషియం నారింజరసంలో ఉన్నంత ఉంటదట, లీటరుకు దాదాపు 2,200 మిల్లీగ్రాములు. నేను రోజుకు తాగింది 200 మిల్లీలీటర్లు. అంటే ఒక అరటిపండులో ఉన్నంత. మానేసిన పండునే మళ్లీ సీసాలో తాగిన్నన్నమాట. నా సీసా మీద షుగరు ఎంతో రాసి ఉన్నది గాని పొటాషియం మాటే లేదు. 2000లో అమెరికాలో కూడా కిడ్నీ జబ్బు మనిషికి నోనితో ఇట్లనే అయిందని అక్కడి డాక్టర్లు రాసినరట.

లివర్ సంగతి వేరు. 2005లో ఆస్ట్రియాలో నోని తాగిన కొందరికి లివర్ వాచిందని డాక్టర్లు రాసినరు. మరుసటేడు ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, నోని వల్లనే అయిందనే రుజువు లేదన్నది. అయినా కామెర్లు వచ్చినోళ్లు, లివర్ చెడినోళ్లు తాగొద్దనే మా డాక్టరు మాట.

నోని ఆపి, కొన్నాళ్లు బీపీ గోళీ మార్చినంక పొటాషియం 4.8కి దిగింది. గోళీ మార్చింది డాక్టరు. మనకు మనం ఆపరాదు.

బావ మీద నాకు కోపం లేదు. ఆయన కిడ్నీలు బాగున్నయి, ఆయనకేం కాలేదు. అందుకే అన్నదమ్ములారా, ఎవరైనా సీసా ఇస్తే ముందు మీ క్రియాటినిన్ కాయితం చూసుకోండి. దవాఖానకు పోయేటప్పుడు గోళీల సంచిల ఆ సీసా కూడా వేసుకపోండి.